కెమెరా ఎన్ని గంటలకు పోతోంది?

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు ఊళ్ళ నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో పనికి వెళ్ళినవాళ్ళు, ఇంటి దగ్గర ఉన్న పెద్దవాళ్ళ కోసం ఇప్పుడు వైఫై కెమెరాలు పెట్టిస్తున్నారు. వీధి గుమ్మం మీద ఒకటి, పెరట్లో ఒకటి. బిగించిన రోజున బొమ్మ చక్కగా వస్తుంది. వారం తిరక్కుండానే ఫోన్‌లో "ఆఫ్‌లైన్" అని కనిపించడం మొదలవుతుంది. పది నిమిషాలకు దానంతట అదే వస్తుంది, మళ్ళీ పోతుంది. "నాన్నా, ఆ వైఫై పెట్టె ఒకసారి ఆపి వెయ్యి" అని ఫోన్ చేస్తారు. ఆయన ఆపి వేస్తాడు, కెమెరా వస్తుంది, రాత్రికి మళ్ళీ మాయం. చివరికి కెమెరా మంచిది కాదని ఇంకొకటి కొంటారు, లేదా కేబుల్ ఆపరేటర్‌తో చెప్పి ఎక్కువ వేగం ఉన్న ప్లాన్‌కు మారతారు. రెండింటికీ డబ్బులు దండగే. మామూలు ఇంటి కెమెరా పంపే వీడియోకు సెకనుకు ఒకటి, రెండు మెగాబిట్లు చాలు. ఎంత చిన్న ప్లాన్‌లోనైనా అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. చాలాసార్లు లోపం ఇంటి బయట ఉన్న ఫైబర్‌లో కాదు, ఇంటి లోపల రూటర్‌కూ కెమెరాకూ మధ్య ఉన్న ఆ పది, పదిహేను మీటర్ల గాలిలో ఉంటుంది.

ఆ లోపాన్ని పట్టుకోవడానికి మొదట వెయ్యాల్సిన ప్రశ్న ఒకటే. కెమెరా ఎన్ని గంటలకు పోతోంది? రెండు రోజులు ఓపిగ్గా కాగితం మీద సమయాలు రాసుకుంటే సగం జవాబు అందులోనే దొరుకుతుంది. రోజూ సాయంత్రం ఏడు నుంచి పది మధ్యే పోతుంటే ఒక కారణం. గంట గంటకూ, అదీ ఒకే నిమిషానికి పోతుంటే ఇంకో కారణం. వేళాపాళా లేకుండా పోతుంటే మూడోది. మూడింటికీ అడుగున బలహీనమైన సిగ్నలే ఉండొచ్చు, కానీ దాన్ని పైకి తెచ్చేది వేర్వేరు సంగతులు.

ఆ కారణాల్లోకి వెళ్ళే ముందు కరెంటు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే కరెంటు తప్పును వైఫై మీదకు తోసే ఇళ్ళు చాలా ఉన్నాయి. కెమెరా మెమరీ కార్డు మీద ఆపకుండా రికార్డు చేస్తుంటే పని సులువు. కెమెరా ఆఫ్‌లైన్ అన్న ఆ పది నిమిషాల రికార్డింగ్ కార్డులో ఉందో లేదో చూడండి. ఉంటే కెమెరా బతికే ఉంది, రికార్డు చేస్తూనే ఉంది, బయటికి పంపడానికి మాత్రమే దారి దొరకలేదు. కార్డులో కూడా ఆ పది నిమిషాలూ లేకపోతే కెమెరాకు కరెంటే అందలేదు. అటూ ఇటూ తిరిగే రకం కెమెరా అయితే ఇంకో గుర్తు ఉంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది ఒక చుట్టు తిరిగి తన స్థానం సరిచూసుకుంటుంది. ఇంట్లోవాళ్ళు "ఉన్నట్టుండి గిర్రున తిరిగింది" అన్నారంటే వైఫై జోలికి పోకుండా అడాప్టర్నీ తీగనూ చూడాలి. చీకటి పడగానే కెమెరా తన ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వేసుకుంటుంది, అప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నటి యూఎస్‌బీ తీగను ఐదారు మీటర్లు సాగదీసి బిగించిన చోట ఆ సమయానికి వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగి మళ్ళీ మొదలవుతుంది. వైఫై రద్దీ కూడా ఆ వేళకే మొదలవుతుంది కాబట్టి ఈ రెండింటినీ కలిపేసుకోవడం తేలిక. కార్డు చూస్తే విడిపోతాయి.

రికార్డింగ్ ఉంది, బొమ్మ మాత్రం రాలేదు. అప్పుడు అదే సమయంలో ఇంట్లో టీవీకో ఫోన్‌కో వైఫై మీద ఇంటర్నెట్ వస్తోందా అని అడగాలి. రాకపోతే బయటి లైను పోయింది. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ సహా చాలా కేబుళ్ళు కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి కాబట్టి గాలివానకూ కొమ్మ విరిగినదానికీ అది జరుగుతుంది. టీవీ బాగానే ఆడుతోంది, కెమెరా ఒక్కటే లేదంటే ఇక మనం వెతకాల్సింది గాలిలోనే.

ఇక్కడ ఎక్కువమంది ఒక పరీక్ష చేసి మోసపోతారు. ఫోన్ పట్టుకుని కెమెరా కింద నిలబడతారు. మూడు గీతలు కనిపిస్తాయి. "సిగ్నల్ బాగానే ఉందే" అంటారు. ఆ గీతలు చెప్పేది రూటర్ మాట ఫోన్‌కు ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే. కెమెరా పని దానికి తిరగబడి ఉంటుంది. టీవీ, ఫోన్ ఎక్కువగా దించుకునేవి, రూటర్ మాట్లాడితే అవి వింటాయి. కెమెరా రోజంతా పంపించేది, అది మాట్లాడితే రూటర్ వినాలి. గుడి మైకులో పూజారి చెప్పే మాట ఊరవతల చేలో ఉన్న మనిషికి స్పష్టంగా వినిపిస్తుంది, ఆ మనిషి చేలో నుంచి కేకేసి ఇచ్చే జవాబు గుడి దాకా రాదు. రూటర్ సాధారణంగా 100 మిల్లీవాట్ల దాకా శక్తితో ప్రసారం చేస్తుంది. చవక కెమెరాలో వేలెడంత ఏంటెనా, అందులో నాలుగో వంతు శక్తి. కాబట్టి ఫోన్‌లో గీతలు నిండుగా ఉన్నా కెమెరా గొంతు రూటర్‌ను చేరకపోవచ్చు.

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. అది మైనస్ అంకె. సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ. పది తగ్గితే శక్తి పదో వంతు అయినట్టు, ఇరవై తగ్గితే నూరో వంతు. రూటర్ ఉన్న గదిలో మైనస్ 40, 50 మధ్య ఉంటుంది. వీడియో తెగకుండా నడవాలంటే మైనస్ 67 కన్నా దిగకపోతే మంచిది. మైనస్ 75 దగ్గర వస్తూ పోతూ ఉంటుంది. మైనస్ 80 దాటితే ఆ కెమెరా ఉన్నా లేనట్టే. చాలా కెమెరాల ఆప్‌లో పరికరం సమాచారం అన్న చోట ఈ అంకె గానీ, దానికి బదులు శాతం గానీ కనిపిస్తుంది.

ఇప్పుడు మన వైపు ఇల్లు ఒకటి లెక్కకు తీసుకుందాం. ముందు భాగం కొత్తగా ఇటుకతో కట్టి స్లాబు వేశారు, వెనక భాగం తాతల నాటి రాతి గోడలు, మూరెడు మందం. ఫైబర్ తీగ వీధి వైపు నుంచి వచ్చింది కాబట్టి, వచ్చిన కుర్రాడు పెట్టెను ముందు హాల్లో టీవీ వెనక పెట్టి వెళ్ళాడు. కెమెరా పెరటి తలుపు పైన ఉంది. తిన్నగా కొలిస్తే రూటర్‌కూ దానికీ 14 మీటర్లు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం అడ్డేమీ లేకుండా 14 మీటర్లు పోవడానికే సుమారు 63 డెసిబెళ్ళు కోల్పోతుంది. రూటర్ 20 డీబీఎంతో మొదలుపెడితే మిగిలేది మైనస్ 43. దారిలో ఒక ఇటుక గోడ ఆరు తింటుందనుకుందాం, రాతి గోడ పదిహేను. అది మైనస్ 64. ఇంతవరకూ ఫరవాలేదు. కెమెరా వైపు నుంచి లెక్క వేస్తే అది 14 డీబీఎంతోనే మొదలుపెడుతుంది, కాబట్టి రూటర్‌కు చేరేది మైనస్ 70. గోడల అంకెలు ఇంటింటికీ మారతాయి, నేను వేసినవి మధ్యస్థంగా ఉండే అంచనాలు. రెండు వైపుల అంకెల మధ్య ఉన్న ఆ ఆరు డెసిబెళ్ళ తేడా మాత్రం మారదు.

ఈ ఇంట్లో ఇంకొక వస్తువు ఉంది, అది లెక్కను తలకిందులు చేస్తుంది. నీళ్ళ ట్యాంకు. మార్కాపురం వైపు నీళ్ళ కరువు ఎలాంటిదో కొత్తగా చెప్పక్కర్లేదు. బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధుల్లో ప్రతి ఇంటిలోనూ ప్లాస్టిక్ ట్యాంకులు, డ్రమ్ములు వరసగా ఉంటాయి, ఈ ఇంట్లో అవి రూటర్‌కూ కెమెరాకూ మధ్య దారిలోనే ఉన్నాయి. ప్లాస్టిక్ వైఫైకి అడ్డు కాదు. నీళ్ళు అడ్డు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నీళ్ళు తరంగాలను ఎంత పీల్చుకుంటాయంటే రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే చాలా భాగం వేడిగా మారిపోతుంది, మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది కూడా దాదాపు ఈ పౌనఃపున్యంతోనే. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు తరంగం దానిలోంచి సాఫీగా పోతుంది. ట్యాంకరు వచ్చి నింపగానే అదే చోట గోడ లేచినట్టవుతుంది. చుట్టుపక్కల గోడల మీద తగిలి పక్కదారిన వచ్చే తరంగం మాత్రమే కెమెరాను చేరుతుంది. ఆ తేడా పది డెసిబెళ్ళే అనుకున్నా రూటర్‌కు చేరే అంకె మైనస్ 70 నుంచి మైనస్ 80కి పడిపోతుంది. ఇంట్లోవాళ్ళకు మాత్రం కెమెరా రెండు రోజులు బాగుండి, మూడో రోజు వేళాపాళా లేకుండా చచ్చిపోతున్నట్టు కనిపిస్తుంది. ఇనుప తలుపు మూసినప్పుడు ఒకలా, తీసినప్పుడు ఒకలా ఉండటం కూడా ఇలాంటిదే. అందుకే సమయాల కాగితం మీద ఆ రోజు నీళ్ళు వచ్చాయా, ఇనుప తలుపు మూశారా అని కూడా రాసుకోండి.

ఈ లెక్కలో ఎక్కడ చెయ్యి పెడితే ఎక్కువ లాభమో చూడండి. దూరం రెండు మీటర్లు తగ్గిస్తే ఒకటి, ఒకటిన్నర డెసిబెల్ కలిసొస్తుంది, అంతే. రాతి గోడను దారిలోంచి తప్పిస్తే పదిహేను. కాబట్టి రూటర్‌ను దగ్గరికి జరపడం కన్నా, దాని నుంచి చూస్తే నడవ తలుపులోంచి పెరటి తలుపు కనిపించే వరసలోకి జరపడం మేలు. టీవీ వెనక నుంచి తీసి, అల్మారాలోంచి బయటపెట్టి, మనిషి తల ఎత్తుకు పైన గోడకు బిగిస్తే చాలాసార్లు మిగతా వైద్యమేదీ అక్కర్లేకుండా పోతుంది. ఫైబర్ తీగను కొంచెం పొడిగించడానికి ఆపరేటర్ కుర్రాడు ఒప్పుకోకపోతే ఫైబర్ పెట్టెను అక్కడే ఉంచి, లాన్ తీగ లాగి రూటర్ వేరేది పెట్టుకోవచ్చు. ఫైబర్ తీగను మాత్రం సొంతంగా మడవకూడదు, గట్టిగా వంచితే లోపల వెలుగు తప్పించుకుపోతుంది.

5 గిగాహెర్ట్జ్ వేగం కదా, కెమెరాను దాని మీద పెడితే పోలేదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. అదే ఇంటి లెక్కను 5 గిగాహెర్ట్జ్‌తో వేస్తే దూరంలోనే ఆరున్నర డెసిబెళ్ళు అదనంగా పోతాయి, రాతి గోడ దగ్గర ఇంకా ఎక్కువ. మైనస్ 70 కాస్తా మైనస్ 85 అవుతుంది. రూటర్ ఉన్న హాల్లోనే ఉండే కెమెరాకు 5 చాలా మంచిది, అక్కడ రద్దీ ఉండదు. పెరటి కెమెరాకు 2.4 తప్ప దారి లేదు. చవక కెమెరాల్లో చాలా వాటికి 2.4 మాత్రమే వచ్చు కూడా. ఈ 2.4 బ్యాండ్‌ను మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతించారు, 5 గిగాహెర్ట్జ్‌ను విస్తారంగా తెరిచింది 2018లో. ఆ మధ్య కాలంలో వచ్చిన వస్తువుల్లో చాలా భాగం 2.4 మీదనే చేరాయి, అందుకే అక్కడ అంత ఇరుకు.

ఆ ఇరుకే సాయంత్రపు జబ్బుకు కారణం. 2.4 బ్యాండ్‌లో మన దగ్గర 1 నుంచి 13 వరకు చానళ్ళున్నాయి. పదమూడు అనగానే పదమూడు వేరు వేరు దారులు ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి చానల్‌కూ చానల్‌కూ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో వైఫై పరచుకునే వెడల్పు 20. ఒకటో చానల్ మీద ఉన్న రూటర్ రెండు, మూడు, నాలుగును కూడా ఆక్రమిస్తుంది. ఒకదానిమీద ఒకటి పడకుండా నిలిచేవి 1, 6, 11, ఆ మూడే. మార్కాపురం పట్టణంలో ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉన్న ఒక వీధిలో ఫోన్ తీసి చూస్తే పదిహేను, ఇరవై వైఫై పేర్లు కనిపించడం వింత కాదు. అవన్నీ ఈ మూడు దారుల్లోనే సర్దుకోవాలి.

ఎవరూ ఏమీ చూడకుండా ఉన్నప్పుడు కూడా ఆ పేర్లు ఊరుకోవు. ప్రతి రూటర్ సెకనుకు దాదాపు పదిసార్లు "నేనున్నాను" అని ప్రకటిస్తుంది. పాత పరికరాలకు కూడా అర్థం కావాలని ఆ ప్రకటనను అతి నెమ్మదైన వేగంలో, సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పంపే రూటర్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. మూడు వందల బైట్ల ప్రకటనకు రెండున్నర మిల్లీసెకన్లు పడుతుంది. పదిసార్లకు పాతిక. ఒకే చానల్ మీద ఒకరికొకరు వినిపించే పది రూటర్లు ఉంటే ప్రతి సెకనులో పావు వంతు ఈ ప్రకటనలకే పోతుంది. ఏడు గంటలకు టీవీలు, ఫోన్లు, పిల్లల వీడియోలు మొదలయ్యాక మిగిలిన ముప్పావు కూడా నిండిపోతుంది. వైఫైలో ఒక నియమం ఉంది. ఏ పరికరమైనా ముందు గాలిని విని, ఎవరూ మాట్లాడటం లేదని తేలాకే తను మొదలుపెట్టాలి. గాలి ఎప్పుడూ ఖాళీ లేకపోతే కెమెరా ఆగుతూనే ఉంటుంది.

బలహీనత, రద్దీ ఒకదానికొకటి తోడయ్యేది ఇక్కడే. సిగ్నల్ బాగున్న కెమెరా సెకనుకు 65 మెగాబిట్ల వేగంతో రూటర్‌తో మాట్లాడగలదు. ఒకటిన్నర మెగాబిట్ల వీడియోకు దానికి పట్టే సమయం చాలా తక్కువ, సెకనులో ఇరవయ్యో వంతు చాలు. సిగ్నల్ పడిపోయిన కొద్దీ అర్థమయ్యేలా మాట్లాడటం కోసం అది వేగం తగ్గించుకుంటూ పోతుంది, చివరికి ఆరున్నర మెగాబిట్ల దాకా. అక్కడ మధ్య మధ్య విరామాలు, అందిందన్న రశీదులు పోను పనికొచ్చేది నాలుగైదు మెగాబిట్లే. అదే వీడియోకు ఇప్పుడు సెకనులో మూడో వంతు కావాలి. అందనివి మళ్ళీ పంపాలి కాబట్టి సగం. పగలు గాలి ఖాళీగా ఉంటుంది కనుక ఆ సగం దొరుకుతుంది, కెమెరా నడుస్తుంది, మనకు ఏ లోపమూ కనిపించదు. రాత్రి ఎనిమిదికి పావు వంతు కూడా దొరకదు. పంపాల్సినది లోపల పేరుకుపోతుంది, తయారీదారు సర్వర్‌కు పంపాల్సిన చిన్న పలకరింపు కూడా ఆ వరసలోనే ఇరుక్కుంటుంది, కొన్ని పలకరింపులు అందకపోయేసరికి సర్వర్ ఆ కెమెరాకు "ఆఫ్‌లైన్" అని పేరు పెడుతుంది. అంటే సాయంత్రం పోయే కెమెరాకు అసలు జబ్బు పగలూ ఉంది.

దీన్ని కళ్ళతో చూడొచ్చు. ఇంట్లో విండోస్ లాప్‌టాప్ ఉంటే దాన్ని లాన్ తీగతో రూటర్‌కు కలిపి, రూటర్ పేజీలో కెమెరాకు ఇచ్చిన చిరునామా చూసుకుని, అది 192.168.1.20 అనుకుంటే, ఇలా కొట్టి వదిలేయాలి.

```
ping -t 192.168.1.20
```

ప్రతి వరసలో జవాబుకు పట్టిన మిల్లీసెకన్లు వస్తాయి. పగలు ఐదు, పది ఉన్నవి సాయంత్రానికి మూడు వందలు, ఎనిమిది వందలు అవుతూ మధ్యలో `Request timed out` అని పడుతుంటే అది రద్దీ. అంకెలు చిన్నవిగానే ఉండి, ఉన్నట్టుండి ఒక నిమిషం పాటు అన్నీ పోయి మళ్ళీ చిన్నవే వస్తే కెమెరా రూటర్ నుంచి విడిపోయి తిరిగి కలిసిందని. వైఫై ఉన్న విండోస్ లాప్‌టాప్‌లో చుట్టుపక్కల ఎవరు ఏ చానల్ మీద ఉన్నారో చూడటానికి ఈ ఆజ్ఞ చాలు.

```
netsh wlan show networks mode=bssid
```

ఇరుగుపొరుగు ఎక్కడున్నారో తెలిశాక రూటర్ పేజీలో 2.4 వైపు చానల్‌ను `Auto` నుంచి తీసి 1, 6, 11లో తక్కువమంది ఉన్నదానికి, తక్కువ బలంతో వినిపించేవాళ్ళున్నదానికి పెట్టాలి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచాలి. 40 పెడితే వేగం పెరుగుతుందని రాస్తారు గానీ, ఇరుకు వీధిలో అది మూడు దారుల్లో రెండింటిని మింగి మనకూ పొరుగుకూ చేటు చేస్తుంది. 1, 6 రెండూ నిండి ఉన్నాయని మధ్యలో 3 ఎంచుకోవడం ఇంకా నష్టం. ఒకే చానల్ మీద ఉన్నవాళ్ళు ఒకరి మాట ఒకరు అర్థం చేసుకుని వంతులు వేసుకోగలరు. సగం సగం పడే చానల్ మీద పక్కవాడి మాట ఉత్త రొదగానే వినిపిస్తుంది, వంతులు కుదరవు.

`Auto`ను ఎందుకు తీయమంటున్నానంటే, కొన్ని రూటర్లు రద్దీ చూసి వాటంతట అవే చానల్ మారతాయి. మారినప్పుడు ఫోన్ వెంటనే వెతుక్కుంటుంది. చవక కెమెరా పాత చానల్ దగ్గరే కాసేపు నిలబడి, ఇక లాభం లేదనుకున్నాక మొదటి నుంచి వెతుకుతుంది. ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలు పోతాయి. రూటర్ 12కో 13కో వెళ్ళిందంటే అసలుకే మోసం. మన దేశంలో ఆ చానళ్ళు వాడుకోవచ్చు గానీ, అమెరికా లెక్కన తయారైన కెమెరాలు 11 దాటి వెతకవు. రూటర్ వెనక్కి వచ్చేదాకా ఆ ఇంట్లో టీవీ ఆడుతుంది, ఫోన్లు ఆడతాయి, కెమెరా ఒక్కటే గంటల తరబడి ఉండదు. పక్కింటివాళ్ళ చానల్ జాబితా కన్నా ముందు మన రూటర్ ఇప్పుడు ఏ చానల్ మీద ఉందో చూసుకోవడం మంచిది.

బ్యాండ్ ఎంపికలో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. కొత్త రూటర్లు 2.4కూ 5కూ ఒకే పేరు పెట్టి, ఏ పరికరాన్ని ఎటు పంపాలో అవే నిర్ణయిస్తాయి. `Smart Connect` అనో `Band Steering` అనో రాసి ఉంటుంది. ఫోన్‌కు ఇది మంచిదే. 5 వైపు తోయడం కోసం రూటర్ ఒక్కోసారి 2.4 మీద వచ్చిన పిలుపుకు కావాలనే జవాబివ్వకుండా ఊరుకుంటుంది, లేదా ఉన్నదాన్ని విడగొడుతుంది. 2.4 మాత్రమే తెలిసిన కెమెరా వెళ్ళడానికి వేరే చోటు లేక తలుపు దగ్గరే తచ్చాడుతుంది. రెండూ తెలిసిన కెమెరా అయితే రాతి గోడ ఇవతల 5 మీదకు దూకి, నిలవలేక పడి, 2.4కు వచ్చి, మళ్ళీ 5కు దూకుతుంది. ఈ సౌకర్యాన్ని ఆపేసి, రెండు బ్యాండ్లకూ రెండు పేర్లు పెట్టి, కెమెరాలన్నిటికీ 2.4 పేరే ఇస్తే ఆ గోల పోతుంది. ఇంట్లో ఫోన్లన్నిటిలో ఉన్న పాత పేరును 5కు ఉంచి, కొత్త పేరును 2.4కు పెడితే కెమెరాలకు మాత్రమే మార్చుకోవాలి. టీవీని కూడా 5 మీద ఉంచితే సాయంత్రం 2.4 మీద మన ఇంటి బరువైనా తగ్గుతుంది.

ఇక గంట కొట్టినట్టు పోయే కెమెరా. ఇది చూసినవాళ్ళకు ఎవరో బయటి నుంచి చేస్తున్నారేమో అన్న అనుమానం కూడా వస్తుంది, పాపం. వైఫైలో రూటర్ అందరికీ కలిపి పంపే సందేశాలకు ఒక ఉమ్మడి తాళం చెవి ఉంటుంది. భద్రత కోసం రూటర్ దాన్ని కొంత కాలానికొకసారి మారుస్తుంది. చాలా రూటర్లలో ఆ కాలం 3600 సెకన్లు, అంటే గంట. కొత్త చెవిని ప్రతి పరికరానికీ విడివిడిగా పంపి, అందిందన్న జవాబు కోసం చూస్తుంది. కొన్నిసార్లు ప్రయత్నించి, జవాబు రాకపోతే ఆ పరికరాన్ని బయటికి పంపేస్తుంది. మైనస్ 80 దగ్గర వేలాడుతున్న కెమెరా జవాబు సరిగ్గా ఆ రెండు మూడు సెకన్లలో రూటర్‌కు చేరకపోతే అంతే, బయటే. నిర్ధారించుకోవడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. కెమెరా ప్రతి గంటా ఇరవయ్యో నిమిషానికి పోతోందనుకోండి. రూటర్‌ను పది గంటల ఐదు నిమిషాలకు ఆపి వెయ్యండి. ఆ తర్వాత కెమెరా పోయే సమయం ప్రతి గంటా ఐదారు నిమిషాల దగ్గరికి జరిగితే కారణం రూటర్ గడియారమే. రూటర్ పేజీలో `Group Key Update Interval` అన్న చోట ఆ అంకెను పెంచవచ్చు. తాళం మార్చే గంటకే పడిపోయేంత బలహీనంగా ఉన్న కెమెరాకు గోడ సంగతి కూడా చూడాల్సిందే. రోజుకొకసారి ఒకే వేళకు పోతే మాత్రం రూటర్‌లో రోజువారీ పునఃప్రారంభం పెట్టి ఉందేమో చూడండి, చాలామంది పెట్టుకుని మర్చిపోతారు.

పల్లెల్లో లెక్క కొంచెం వేరు. గిద్దలూరు దాటి నల్లమల వైపు వెళ్ళిన కొద్దీ ఒక ఇంటికి వినిపించే వైఫైలు రెండో మూడో ఉంటాయి. అక్కడ చానల్ మార్చడం మీద పొద్దు పుచ్చనక్కర్లేదు. అక్కడి కెమెరాలు పడేది దూరానికీ, రాయికీ, కరెంటు హెచ్చుతగ్గులకూ. రూటర్‌నూ ఫైబర్ పెట్టెనూ ఇన్వర్టర్ మీద పెట్టి, కెమెరాను మాత్రం మామూలు ప్లగ్గులో ఉంచిన ఇళ్ళు ఉన్నాయి. కరెంటు పోయిన రాత్రి చూడాల్సింది కెమెరానే కదా, దాన్ని కూడా ఇన్వర్టర్ లైనులోకి తేవాలి.

రిపీటర్ కొంటే పోదా అంటే, పోతుంది, పెట్టే చోట పెడితే. కెమెరా పక్కన పెట్టేవాళ్ళే ఎక్కువ. అక్కడ రూటర్ సిగ్నల్ ఎటూ అందడం లేదు, అందని సిగ్నల్‌ను గట్టిగా పలికితే ఒరిగేదేమీ ఉండదు. రూటర్ అంకె మైనస్ 60, 65 మధ్య ఉండే చోట, రాతి గోడకు ఇవతల, తలుపు దగ్గర పెట్టాలి. అదే బ్యాండ్ మీద విని మళ్ళీ పలికే రిపీటర్‌లో ప్రతి మాటా గాలిలో రెండుసార్లు పోతుంది కాబట్టి ఇరుకు వీధిలో అది సాయంత్రపు రద్దీని పెంచుతుంది. నన్నడిగితే రిపీటర్ డబ్బుతో పదిహేను మీటర్ల లాన్ తీగ కొని, పాత రూటర్ ఒకటి పడి ఉంటే దాన్ని వెనక గదిలో యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవడం ఎంతో నయం. దానికి కొత్త పేరు పెట్టి, ముందు రూటర్ 1 మీద ఉంటే దీన్ని 6 మీదో 11 మీదో ఉంచితే, కెమెరాకు రాతి గోడతో పనే ఉండదు.

పలకల పట్టణమైన మార్కాపురంలో ఇళ్ళు కాకుండా ఇంకొక రకం చోట్ల కూడా కెమెరాలు పెడుతున్నారు. పలకరాయి కోసే షెడ్లు, సరుకు దాచే గోదాములు. పైన ఇనుప రేకులు, చుట్టూ రేకులు, ముందు షట్టర్. షట్టర్ దించాక లోపలికీ బయటికీ వైఫై దాదాపు తెగిపోతుంది, కెమెరా అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే. చానళ్ళు, బ్యాండ్లు, పేర్లు ఏవి మార్చినా అక్కడ ఫలితం ఉండదు. తీగ లాగాల్సిందే. లాన్ తీగ వంద మీటర్ల దాకా నమ్మకంగా పనిచేస్తుంది, పీఓఈ కెమెరా అయితే కరెంటు కూడా అదే తీగలో పోతుంది, అడాప్టర్ బెడద ఉండదు. ఆరుబయట స్తంభం నుంచి స్తంభానికి లాగే చోట పిడుగుల కాలంలో ఆ తీగే రూటర్‌ను కాల్చే ప్రమాదం ఉంది కాబట్టి, రెండు కట్టడాల మధ్య దూరం ఎక్కువైతే రాగి బదులు ఫైబర్ తీగ వేసి, రెండు కొసలా చిన్న మార్పిడి పెట్టెలు పెట్టుకోవడం మేలు.

అన్నీ చేశాక మళ్ళీ అదే కాగితం తీసుకుని వారం రోజులు సమయాలు రాయాలి, ఒకసారికి ఒకటే మార్పు చేసి. చానల్, పేరు, రూటర్ చోటు మూడూ ఒకే రోజు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, మూడు నెలల తర్వాత పక్కింటివాళ్ళు కొత్త రూటర్ తెచ్చుకున్నప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టాలో కూడా తెలియదు. మొదట రూటర్ చోటు మార్చి చూడండి, ట్యాంకు నిండిన రోజు కూడా అందులో కలిసేలా. కెమెరా ఆప్‌లో అంకె మైనస్ 65 దగ్గర నిలిచాక కూడా సాయంత్రాలు పోతుంటే అప్పుడు చానల్ వైపు వెళ్ళండి.